ముద్ద ఎక్కడ ఆగుతోంది?

బెంగళూరులో తెలుగువారి సభలో అన్నవాహిక క్యాన్సర్ గురించి చేసిన ప్రసంగ పాఠం. చివర సభికుల ప్రశ్నలు

అందరికీ నమస్కారం.

ఇక్కడ కూర్చున్నవాళ్లలో అనంతపురం, చిత్తూరు, కర్నూలు వైపు నుంచి వచ్చి ఈ ఊళ్లో స్థిరపడినవాళ్లు చాలామంది ఉన్నారు. కాబట్టి సంగటితోనే మొదలుపెడతాను. రాగి సంగటిని మనం నమలం. వేళ్లతో చిన్న ముద్ద తుంచి, పులుసులో అద్ది, గుటుక్కున మింగేస్తాం. కన్నడంవాళ్లు తినే రాగి ముద్ద కూడా అంతే. పంటి కింద నలగకుండా నేరుగా అన్నవాహికలోకి వెళ్లే తిండి ఇది. నిన్నటిదాకా హాయిగా దిగిన ముద్ద ఈ రోజు రొమ్ము ఎముక వెనక ఒక్క క్షణం ఆగి దిగితే, రేపూ అలాగే ఆగితే, లోపల దారి కొలత మారిందేమోనని అనుమానించాలి.

ఆ దారి ఎంత పొడవుందో చూద్దాం. అన్నవాహిక సుమారు 25 సెంటీమీటర్ల గొట్టం. ఎండోస్కోపీ చేసే డాక్టరు కొలతంతా ముందు పళ్ల దగ్గర నుంచి లెక్కేస్తారు. పళ్ల నుంచి దాదాపు 15 సెంటీమీటర్ల దగ్గర అన్నవాహిక మొదలై, దాదాపు 40 దగ్గర పొట్టలో కలుస్తుంది. ఈ లెక్క కాసేపు గుర్తుపెట్టుకోండి, రిపోర్టు చదివేటప్పుడు పనికొస్తుంది. ఖాళీగా ఉన్నప్పుడు ఈ గొట్టం ముడుచుకుని ఉంటుంది. ముద్ద వచ్చినప్పుడు రెండు సెంటీమీటర్ల వరకూ సులువుగా సాగుతుంది. అలా సాగలేక దారి 13 మిల్లీమీటర్ల దగ్గరికి వచ్చినప్పుడే గట్టి పదార్థాలు పట్టేయడం మొదలవుతుంది. అంటే లోపల గడ్డ పెరుగుతున్నా, మిగిలిన గోడ సాగి సర్దుకుంటూ చాలాకాలం మనకు తెలియనివ్వదు. మింగుడు పడకపోవడం మనకు తెలిసే మొదటి లక్షణమే గానీ, జబ్బుకి మొదటి దశ కాదు. పైగా పేగులకు ఉన్నట్టు అన్నవాహికకు బయట గట్టి పొర ఉండదు. గోడ లోపలే లింఫ్ నాళాలు నిలువునా పరుచుకుని ఉంటాయి. అందుకే గడ్డ చిన్నగా ఉన్నప్పుడే కణాలు పక్క గ్రంథులకు చేరిపోగలవు. మనం ఊరకే పోగొట్టుకునే ప్రతి నెలా ఇక్కడ ఖరీదైనదే.

ఈ ఒక్క గొట్టంలో రెండు వేర్వేరు క్యాన్సర్లు పుడతాయి. అన్నవాహిక లోపలి పొర మన బుగ్గ లోపలి చర్మం లాంటిదే, పరిచిన పెంకుల్లా ఉండే చదును కణాలు. వాటి నుంచి వచ్చేది స్క్వామస్ సెల్ కార్సినోమా. ఇది ఎక్కువగా పై భాగంలో, మధ్య భాగంలో వస్తుంది. రెండోది అడినోకార్సినోమా. పొట్టలోని ఆమ్లం ఏళ్ల తరబడి పైకి ఎగజిమ్ముతుంటే, కింది భాగంలో చదును కణాల స్థానంలో పేగు పొర లాంటి కణాలు వస్తాయి. దాన్ని బారెట్స్ అంటారు. ఆ మార్పు వచ్చిన చోట కొద్దిమందిలో ఈ గ్రంథి కణాల క్యాన్సర్ పుడుతుంది. పొట్ట చుట్టూ కొవ్వు, ఏళ్లనాటి గుండెమంట దీని వెనక ఉండే ప్రధాన కారణాలు.

అమెరికా, ఇంగ్లండ్ వంటి దేశాల్లో ఇప్పుడు ఈ రెండోదే ఎక్కువ. మన దేశంలోనూ, మొత్తం ప్రపంచం లెక్కలోనూ మొదటిదే ఎక్కువ. ఈ తేడా ఎందుకు చెబుతున్నానంటే, ఇంటర్నెట్‌లో ఇంగ్లీషులో వెతికితే ఎక్కువగా దొరికేది ఆ దేశాల జబ్బు గురించే. చదివినవాళ్లు "నాకు గుండెమంట లేదు, లావూ లేను, ఇది నాకు రాదు" అనుకుంటారు. మన దగ్గర వచ్చే స్క్వామస్ క్యాన్సర్‌కి గుండెమంటతో పని లేదు. సన్నగా ఉన్న మనిషికి, ఎసిడిటీ అంటే ఏమిటో తెలియని మనిషికి కూడా వస్తుంది. ఆ మనిషి జేబులో ఏముందో చూడాలి.

జేబులో అంటే బీడీ కట్ట, సిగరెట్ పెట్టె, ఖైనీ పొట్లం, గుట్కా, జర్దా కిళ్లీ. పొగ తాగేవాళ్లకి ఊపిరితిత్తుల భయం ఉంటుంది, నమిలేవాళ్లకి నోటి భయం ఉంటుంది. అన్నవాహిక సంగతి ఇద్దరికీ తట్టదు. ఖైనీ దవడలో పెట్టుకున్నప్పుడు ఊరే లాలాజలం అంతా ఉమ్మేయరు కదా, కొంత మింగుతారు. పనిలో ఉన్నప్పుడు, బస్సులో ఉన్నప్పుడు మొత్తం మింగేస్తారు. పొగాకులో ఉండే నైట్రోసమైన్లు అనే రసాయనాలు ఆ ఉమ్మితోపాటు గొట్టం పొడవునా పూత పూసినట్టు దిగుతాయి. పొగాకు లేకుండా వక్క, సున్నం, ఆకు మాత్రమే నమిలితే ఫరవాలేదన్న మాట కూడా నిజం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ పొగాకు కలపని కిళ్లీ కూడా నోటికి, అన్నవాహికకు క్యాన్సర్ తెస్తుందనే నిర్ధారించింది.

దీనికి మద్యం తోడైతే రెండు ప్రమాదాలు కూడుకోవడం కాదు, ఒకదాన్నొకటి హెచ్చవేసుకుంటాయి. మద్యం ఒంట్లో ఎసిటాల్డిహైడ్‌గా మారుతుంది, అదీ క్యాన్సర్ కారకమే. పైగా లోపలి పొరను పలచన చేసి పొగాకు విషాలకు దారి ఇస్తుంది. మానేస్తే లాభం ఉందా అని అడుగుతారు. ఉంది. పొగ మానేసి పదేళ్లు దాటేసరికి స్క్వామస్ క్యాన్సర్ ప్రమాదం బాగా తగ్గుతుంది. అడినోకార్సినోమాకి కూడా పొగ కారణమే గానీ, మానేశాక అక్కడ తగ్గుదల అంత వేగంగా ఉండదు.

ఇప్పుడు వేడి గురించి. బెంగళూరులో కూర్చుని కాఫీ మాట ఎత్తితే కోపం రావచ్చు, కానీ తప్పు కాఫీది కాదు, టీది కాదు. వేడిది. 2016లో అదే పరిశోధన సంస్థ 65 డిగ్రీల సెల్సియస్ దాటిన పానీయాలను "బహుశా క్యాన్సర్ కారకం" అనే వర్గంలో పెట్టింది. కాఫీని మాత్రం ఆ నింద నుంచి తప్పించింది. దీని వెనక ఉన్న గట్టి ఆధారాల్లో ఒకటి ఉత్తర ఇరాన్‌లోని గొలెస్తాన్ ప్రాంతం నుంచి వచ్చింది. అక్కడ పొగ, మద్యం వాడకం తక్కువ, అయినా ఈ స్క్వామస్ క్యాన్సర్ చాలా ఎక్కువ. టీ మాత్రం మండుతుండగానే తాగుతారు. 2009లో ప్రచురితమైన అధ్యయనంలో, టీ పోశాక నాలుగు నిమిషాలు లేదా అంతకంటే ఎక్కువ ఆగి తాగేవాళ్లతో పోలిస్తే, రెండు నిమిషాలు కూడా ఆగకుండా తాగేవాళ్లలో ఈ క్యాన్సర్ దాదాపు ఐదు రెట్లు కనిపించింది. తర్వాత 50,000 మందిని సుమారు పదేళ్లపాటు గమనించి 2019లో ప్రచురించిన ఫలితంలో, రోజుకి 700 మిల్లీలీటర్లు, అంతకంటే ఎక్కువ టీని 60 డిగ్రీలు, ఆపైన వేడితో తాగేవాళ్లకు ప్రమాదం దాదాపు రెట్టింపు అని తేలింది.

వేడి ఏం చేస్తుంది? నాలుక కాలితే రెండు రోజులు మంట పుట్టి గుర్తుచేస్తుంది. అన్నవాహికకు అంత స్పర్శ లేదు. రోజూ నాలుగైదు సార్లు కాలి, మానుతూ, మళ్లీ కాలుతూ ఉంటుంది. మానడమంటే కణాలు చీలి కొత్తవి పుట్టడం. ఎక్కువసార్లు చీలితే తప్పులు దొర్లే అవకాశం ఎక్కువ. అలా ఒరుసుకుపోయిన పొర మీద ఖైనీ రసమో, బీడీ పొగలోని విషమో పడితే, ఆరోగ్యంగా ఉన్న పొర మీద పడ్డట్టు ఉండదు.

గుటక సైజు కూడా ముఖ్యం. చిన్న గుటక నోట్లోనే కొంత చల్లబడుతుంది, పెద్ద గుటక వేడి వేడిగానే కిందికి దిగుతుంది. మన ఇళ్లలో గ్లాసు పెదవికి తగలకుండా ఎత్తిపోసుకుని తాగే అలవాటు ఉంది. నీళ్లకు మంచిదే. పొగలు కక్కే కాఫీకి మాత్రం వద్దంటాను, ఎందుకంటే ఎంత వేడిగా ఉందో ముందు చెప్పేది పెదవే. దాన్ని దాటించి తాగితే ఆ కాపలా పోయినట్టే. మరుగుతున్న పాలు డికాక్షన్‌లో పోయగానే గ్లాసులో ఉండేది 65 కంటే చాలా పైనే. దవరాలోకి గ్లాసులోకి నాలుగైదు సార్లు తిరగపోస్తే వేడి చురుగ్గా దిగుతుంది. నురగ కోసం చేసే పనే ఇక్కడ మందులా పనికొస్తుంది. ఫ్లాస్కులో పోసిన టీ, మూత పెట్టిన పేపర్ కప్పు మాత్రం చల్లారవు, వాటిని మూత తీసి ఉంచాలి. అనుమానం ఉంటే వంటింటి థర్మామీటర్ ఒక్కసారి కప్పులో పెట్టి, మీ ఇంటి కాఫీ 60కి దిగడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో చూసుకోండి. ఒకసారి కొలిస్తే చాలు, ఆ తర్వాత నాలుక్కే తెలిసిపోతుంది.

ఇక లక్షణాలు. ఒక మనిషిని ఊహించుకుందాం. ఇది ఎవరో ఒకరి కథ కాదు, పదే పదే కనిపించే వరసను ఒక మనిషికి తొడిగి చెబుతున్నాను. వయసు 57, కట్టడాల దగ్గర మేస్త్రీ, 30 ఏళ్లుగా బీడీ, ఖైనీ. బరువు 62 కిలోలు. జనవరిలో ఒక ఆదివారం మటన్ ముక్క పట్టేసింది. నీళ్లు తాగితే దిగింది. "సరిగా నమల్లేదు" అనుకున్నాడు. ఫిబ్రవరిలో సంగటి ముద్ద ఆగి ఆగి దిగుతోంది. ముద్ద చిన్నది చేసుకున్నాడు. మార్చిలో చపాతీ మానేశాడు, అన్నంలో చారు ఎక్కువ పోయించుకుంటున్నాడు. ఏప్రిల్‌కి పెరుగన్నం మెత్తగా పిసికితే తప్ప దిగదు. మేలో జావ, పాలు. బరువు 54.

ఈ వరస చూడండి. గట్టివి, మెత్తవి, ఆ తర్వాత జారుడువి. దారి క్రమంగా ఇరుకవుతోందనడానికి ఇది దాదాపు సంతకం లాంటిది. అన్నవాహిక కండరాల జబ్బుల్లో ఇలా ఉండదు, అన్నమూ నీళ్లూ మొదటినుంచీ ఒకేలా ఇబ్బంది పెడతాయి. ఇంకో సంగతి, ఈ ఐదు నెలల్లో ఆయన ఎప్పుడూ "నాకు మింగుడు పడటం లేదు" అని చెప్పలేదు. తిండిని మార్చుకుంటూ పోయాడు. భోజనం గంటసేపు పడుతోంది, ప్రతి ముద్దకీ నీళ్లు తాగుతున్నాడు, పెళ్లిళ్లకు వెళ్తే భోజనం దగ్గర కూర్చోవడం లేదు. ఇవి రోగి చెప్పేవి కావు, ఇంట్లో వడ్డించేవాళ్లు గమనించేవి. అందుకే వడ్డించే చేతులకు ఈ మాట చెబుతున్నాను. ఇంట్లో పెద్దాయన కంచంలో చారు పెరుగుతుంటే ఎందుకని అడగండి.

మార్చిలో ఆయన మందుల షాపుకి వెళ్లాడు, గ్యాస్ అని మాత్రలు ఇచ్చారు. ఎసిడిటీ మాత్రతో కొందరికి మంట, పుండు తాత్కాలికంగా తగ్గుతాయి. ఉపశమనం దొరికింది కాబట్టి ఇంకో నెల గడిచింది. మింగుడు పడనప్పుడు ముందు మాత్ర వాడి చూసే పద్ధతి తప్పు. ముందు ఎండోస్కోపీ, ఆ తర్వాతే మాత్ర. ఆత్రంగా తిన్నప్పుడు ఒకసారి పట్టేయడం ఎవరికైనా జరుగుతుంది. రెండు వారాల్లో మళ్లీ మళ్లీ జరిగితే ఏ వయసులోనైనా గొట్టం వేసి చూడాల్సిందే. మింగితే నొప్పి, వెన్నుకు పాకే నొప్పి, తిన్నది జీర్ణం కాకుండానే తిరిగి రావడం, కారణం లేకుండా బరువు తగ్గడం తోడైతే రెండు వారాలు కూడా ఆగనక్కర్లేదు. గొంతు బొంగురు పోయిందంటే స్వరపేటికకు వెళ్లే నరం నలుగుతోందేమో. నీళ్లు తాగినప్పుడల్లా దగ్గు వస్తుంటే అన్నవాహికకూ గాలిగొట్టానికీ మధ్య రంధ్రం పడిందేమో. ఈ రెండూ ఆలస్యంగా వచ్చే గుర్తులు.

మన మేస్త్రీకి మే చివర ఎండోస్కోపీ చేశారు. పరీక్షకు ముందు ఆరు నుంచి ఎనిమిది గంటలు ఏమీ తినకూడదంటారు. దారి ఇరుకైన మనిషికి పైన అన్నం నిలవ ఉంటుంది కాబట్టి, ముందు రోజంతా ద్రవాలే తీసుకోమని చెప్పడం మేలు, ఆ సంగతి ముందే డాక్టరుకు చెప్పాలి. పరీక్షకు పట్టేది పది నిమిషాలు. రిపోర్టులో "పళ్ల నుంచి 26 నుంచి 30 సెంటీమీటర్ల వరకు గడ్డ" అని ఉంది. ఇందాకటి లెక్క ప్రకారం అది మధ్య భాగం. ఆరు ముక్కలు తీసి బయాప్సీకి పంపారు. ఒకటి రెండు ముక్కలతో సరిపెడితే చచ్చిన కణాలే వచ్చి "క్యాన్సర్ లేదు" అని తేలవచ్చు. కంటికి గడ్డ కనిపిస్తూ బయాప్సీ ఏమీ లేదంటే, మళ్లీ తీయించాలి తప్ప సంతోషపడి ఇంటికి రాకూడదు.

బయాప్సీ స్క్వామస్ అని చెప్పింది. ఈ ఒక్క మాట ముందున్న దారినంతా నిర్ణయిస్తుంది. స్కానింగ్‌లో వేరే అవయవాలకు పాకలేదని తేలింది. గడ్డ గాలిగొట్టం చీలే చోటుకు దగ్గర కాబట్టి బ్రాంకోస్కోపీ కూడా చేసి, అటు పాకలేదని చూసుకున్నారు. నోరు, గొంతు కూడా పరీక్షించారు, ఎందుకంటే అదే పొగాకు ఆ పొరంతటినీ తడిపింది, రెండో గడ్డ ఎక్కడైనా ఉండొచ్చు. ఆ తర్వాత వారానికొకసారి కీమో, 23 విడతల రేడియేషన్, మొత్తం ఐదు వారాలు. 2012లో ప్రచురితమైన క్రాస్ అనే ట్రయల్‌లో ఈ పద్ధతి తర్వాత ఆపరేషన్ చేసి తీసిన భాగాన్ని పరీక్షిస్తే, స్క్వామస్ రోగుల్లో 49 శాతం మందిలో ఒక్క క్యాన్సర్ కణం కూడా మిగల్లేదు. అడినోకార్సినోమా రోగుల్లో అది 23 శాతమే. అడినో విషయంలో ఇప్పుడు గాలి ఇంకోవైపు తిరిగింది. 2025లో ప్రచురితమైన ఎసోపెక్ ట్రయల్‌లో, రేడియేషన్ పద్ధతి కంటే ఆపరేషన్‌కి ముందూ వెనకా నాలుగు మందుల కీమో తీసుకున్నవాళ్లు ఎక్కువ కాలం బతికారు, మధ్యస్థ జీవితకాలం, అంటే సగం మంది దాటి బతికిన కాలం, 37 నెలల నుంచి 66 నెలలకు పెరిగింది. ఒకే గొట్టం, ఒకే లక్షణం, కానీ రెండు వైద్యాలు. అందుకే "అన్నవాహిక క్యాన్సర్" అన్న మాటతో ఆగిపోకుండా, ఏ కణమని అడగండి, ఆ బయాప్సీ కాగితం జాగ్రత్తగా పెట్టుకోండి.

ఇక ప్రశ్నలు అడగండి.

ఒక మహిళ: డాక్టర్‌గారూ, మా అమ్మకి పొగాకు అలవాటు లేదు, కానీ మాత్ర కూడా గొంతులో పట్టేస్తుందంటుంది. రక్తం తక్కువని చెప్పారు. భయపడాలా?

రెండూ కలిసి ఉన్నాయంటే చూపించాల్సిందేనమ్మా. చాలాకాలం ఇనుము లోపం ఉన్న ఆడవాళ్లలో గొంతు కింద సన్నటి పొర అడ్డంగా పెరిగి మింగుడు పడకుండా చేస్తుంది. అది క్యాన్సర్ కాదు. ఎండోస్కోపీలో సాగదీస్తే దారి తెరుచుకుంటుంది, ఇనుము మాత్రలు వాడాలి. అయితే వదిలేస్తే ఆ చోట స్క్వామస్ క్యాన్సర్ వచ్చే ప్రమాదం మామూలు కంటే ఎక్కువ. అంచేత రక్తం మాత్రలు మాత్రమే ఇచ్చి ఊరుకోకుండా గొట్టం వేసి చూడాలి.

ఒక యువకుడు: నాకు పదేళ్లుగా ఎసిడిటీ ఉందండీ. ఏటా ఎండోస్కోపీ చేయించుకోవాలా?

ఎసిడిటీ ఉన్న అందరికీ ఏటా అక్కర్లేదు. ఐదారేళ్లకు మించి వారంలో చాలాసార్లు మంట వస్తూ, వయసు 50 దాటి, పొట్ట పెరిగి, పొగ అలవాటు ఉన్న మగవాళ్లకు ఒకసారి చూడటం మంచిది. బారెట్స్ ఉందని తేలినా కంగారు వద్దు. కణాల్లో తేడా లేకపోతే అది క్యాన్సర్‌గా మారే అవకాశం ఏడాదికి ఒక శాతం కూడా ఉండదు. మూడు నుంచి ఐదేళ్లకోసారి చూస్తారు. కానీ మంటతోపాటు మింగుడు ఆగిందంటే ఈ లెక్కలు పక్కన పెట్టి వెంటనే రండి.

ఒక పెద్దాయన: ముద్ద గొంతు దగ్గరే ఆగినట్టుంటే, గడ్డ గొంతులోనే ఉన్నట్టా?

అలా చెప్పలేమండీ. కింద అడ్డం ఉన్నా పైన, మెడ గుంట దగ్గర ఆగినట్టు అనిపిస్తుంది. అందుకే గొంతు డాక్టరు చూసి బాగుందన్నంత మాత్రాన ఆగకండి, పొట్ట వరకు చూడాలి.

అదే మహిళ: ముద్ద పట్టేసి అసలు దిగకపోతే ఇంట్లో ఏం చేయాలి? అరటిపండు మింగమంటారు కదా.

వద్దమ్మా. చేపముల్లుకు అన్నం ముద్ద, అరటిపండు మింగించడం మన అలవాటే గానీ, ఇరుకైన చోట ఇంకో ముద్ద తోస్తే అడ్డం మరింత బిగుసుకుంటుంది. బలవంతంగా నీళ్లు తాగిస్తే అవి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. మనిషిని నిటారుగా కూర్చోబెట్టండి, ఏమీ పెట్టకండి. ఊపిరి ఆడకపోతే అది వేరే అత్యవసరం, క్షణం ఆగకూడదు. ఊపిరి ఆడుతున్నా సొంత ఉమ్మి కూడా మింగలేక బయటికి కార్చుకుంటున్నాడంటే దారి పూర్తిగా మూసుకుందని అర్థం. తెల్లారేదాకా ఆగకుండా ఆ రాత్రే ఎండోస్కోపీ చేయగల ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ముద్ద తీసేశాక "అయిపోయింది" అని ఇంటికి పంపేస్తే, అది ఎందుకు పట్టేసిందో బయాప్సీ తీశారా అని అడగండి. తీయకపోతే, వాపు తగ్గాక మళ్లీ ఎప్పుడు రావాలో తేదీ రాయించుకుని రండి.